చెన్నై నుంచి కొలంబోకి: అక్కడి షాపులో మన యూపీఐతో డబ్బు కట్టడం ఎలా

మొన్న మా చిన్నాన్న, పిన్ని కొలంబో వెళ్లొచ్చారు. చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నరలోపే దిగిపోయే ఊరు. వెళ్లే ముందు రోజు టీ నగర్‌లో మా ఇంటికొచ్చి చిన్నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "అక్కడ మన ఫోన్‌తో స్కాన్ చేస్తే పనవుతుందటగా, ఎలాగో ఒకసారి చూపించు." ఆ సాయంత్రం వాళ్ల ఫోన్లలో చేసిన ఏర్పాట్లు, అక్కడి షాపుల్లో వాళ్లకు ఎదురైనవి కలిపి, మీరు కూడా చేసుకోగలిగేలా రాస్తున్నాను. వేరే దేశాలకూ ఈ పద్ధతి ఉంది గానీ నేను శ్రీలంక దగ్గరే ఆగుతాను. చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్లకి అదే దగ్గర, పైగా అక్కడ పొరపాటు పడడానికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. దాని గురించి కాసేపట్లో చెబుతాను.

అసలు ఏం జరుగుతుంది

శ్రీలంకలో షాపుల కోసం దేశమంతటికీ ఒకే తరహా క్యూఆర్ ఉంది. స్టిక్కర్ మీద `LANKAQR` అని ఉంటుంది. దాన్ని నడిపేది లంకాపే సంస్థ. మన వైపు యూపీఐని నడిపేది ఎన్‌పీసీఐ, దాని విదేశీ వ్యవహారాలు చూసేది ఎన్‌ఐపీఎల్ అనే అనుబంధ సంస్థ. ఈ రెండు వైపులనూ 2024 ఫిబ్రవరి 12న కలిపారు. అంటే కొలంబో షాపువాడు మనకోసం కొత్త యాప్ పెట్టుకోనక్కర్లేదు, మనం అక్కడి యాప్ దించుకోనక్కర్లేదు. వాడి స్టిక్కర్ వాడిదే, మన యాప్ మనదే.

మీరు స్కాన్ చేయగానే మీ యాప్ ఆ స్టిక్కర్‌లోని వివరాలు చదివి మన నెట్‌వర్క్‌కి పంపుతుంది, అది లంకాపేని అడుగుతుంది. షాపు పేరు, మారకం రేటు మీ తెర మీదకు వస్తాయి. మీరు పిన్ కొట్టగానే మీ బ్యాంకు ఖాతాలోంచి భారత రూపాయలు పోతాయి, షాపువాడికి శ్రీలంక రూపాయలు జమవుతాయి. మధ్యలో లెక్క సర్దుకోవడం ఆ సంస్థల పని.

ఒక హద్దు మొదటే తెలుసుకోండి. ఇది షాపులకు కట్టడానికి మాత్రమే. అక్కడి మనిషి నంబరుకో ఖాతాకో డబ్బు పంపడానికి కాదు. సింగపూర్‌లో మన యూపీఐ లాంటిదే అయిన పేనౌతో 2023లో కుదిరిన కలయిక దీనికి తిరగేసిన వ్యవహారం. అది మనుషుల మధ్య డబ్బు పంపుకోవడానికి. "సింగపూర్‌లో యూపీఐ ఉందిగా" అని అక్కడి పేనౌ స్టిక్కర్లన్నీ స్కాన్ చేసి చూసి విసిగిపోయేవాళ్లు ఉన్నారు. ఈ రెండూ వేర్వేరని తెలిస్తే ఆ తిప్పలు తప్పుతాయి.

ఇంటి దగ్గరే చేసుకోవలసినవి

ముందుగా యాప్‌ని అప్‌డేట్ చేసి సెట్టింగుల్లోకి వెళ్లండి. పెద్ద యాప్‌లలో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే పేమెంట్ సెట్టింగుల్లోనో, బ్యాంకు ఖాతా పేజీలోనో `UPI International` అని గానీ, అలాంటి పేరుతో గానీ ఒక మాట కనిపిస్తుంది. దాన్ని నొక్కి, ఏ ఖాతాతో కట్టాలో ఎంచుకుని, పిన్ కొడితే ఆన్ అవుతుంది. కొన్ని యాప్‌లు మొదలు తేదీ, చివరి తేదీ కూడా అడుగుతాయి. చివరి తేదీని తిరుగు ప్రయాణం రోజుగా పెట్టకండి, యాప్ ఒప్పుకుంటే ఇంకో రెండు రోజులు కలపండి. విమానం ఆలస్యమైతే ఎయిర్‌పోర్టులో కాఫీ తాగడానికి కూడా అది కావాలి.

ఆ మాట మీ ఖాతా పక్కన కనబడకపోతే మీ బ్యాంకు ఇంకా ఇందులో చేరి ఉండకపోవచ్చు. అలాగైతే యాప్ మార్చినా ఉపయోగం ఉండదు, బ్యాంకే మారాలి. చిన్నాన్న విషయంలో అదే అయింది. ఆయన పెన్షన్ పడే ఖాతాలో అది కనిపించలేదు. పిన్ని పేరున ఉన్న రెండో ఖాతాలో కనిపించింది. అందుకని పిన్ని ఫోన్‌లో ఆన్ చేసి, పెన్షన్ ఖాతాలోంచి ముప్పై వేలు అందులోకి మార్చుకున్నారు. అక్కడికి వెళ్లాక ఈ సంగతి తెలిసి ఉంటే ఎంత టెన్షన్ పడేవాళ్లో చెప్పక్కర్లేదు. మామూలు సేవింగ్స్ ఖాతానే వాడండి, క్రెడిట్ కార్డు లింకు మీదో, చిన్న మొత్తాల వాలెట్ మీదో ఆశ పెట్టుకోకండి.

తరువాత సిమ్. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. యూపీఐ యాప్ మీ బ్యాంకులో ఉన్న మొబైల్ నంబరుకి, ఆ సిమ్‌కి, ఆ ఫోన్‌కి కలిపి ముడి వేసుకుని ఉంటుంది. కొలంబోలో దిగగానే మన సిమ్ తీసి పర్సులో పెట్టి, అక్కడి సిమ్ వేస్తే ఆ ముడి తెగుతుంది. యాప్ మళ్లీ నంబరు ధ్రువీకరించమంటుంది, దానికి మన సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి, ఆ సిమ్ పర్సులో ఉంటుంది. కాబట్టి మన సిమ్‌ని ఉన్న స్లాట్‌లోనే వదిలేయండి. ఇంటర్నెట్ కోసం ఇ-సిమ్ తీసుకోండి, లేదా రెండో స్లాట్‌లో అక్కడి సిమ్ వేయండి. డేటా దాని మీద నడవనివ్వండి. మన సిమ్‌కి డేటా రోమింగ్ ఆపేసి, నెట్‌వర్క్ మాత్రం తగిలేలా ఉంచితే చాలు. ఏదైనా ఎస్సెమ్మెస్ అవసరం పడితే పోయేలా రోమింగ్ సౌకర్యం మీ ప్లాన్‌లో ఉందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి. కొత్త ఫోన్ కొనాలనుకుంటే ట్రిప్ నుంచి వచ్చాక కొనండి.

యాప్‌కి లొకేషన్ అనుమతి ఇచ్చి ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే కొన్ని యాప్‌లు చెల్లింపే మొదలుపెట్టవు.

షాపులో, బిల్లు చేతికొచ్చాక

స్టిక్కర్ కనబడింది కదా అని నేరుగా ఫోన్ తీయకండి. ముందు అడగండి. `LANKAQR` స్టిక్కర్ ఉన్న ప్రతి షాపులోనూ మన యూపీఐ పనిచేయదు. ఆ షాపువాడి బ్యాంకు ఈ కలయికలో చేరి ఉండాలి. చెన్నైలో ఉండేవాళ్లకి ఇక్కడ ఒక సుఖం ఉంది. కొలంబో పేటా బజారులో తమిళం బాగా నడుస్తుంది. "యూపీఐ వేలై సెయ్యుమా?" అంటే చాలు, కౌంటర్ మీద ఉన్నవాళ్లు ఉన్నమాట చెప్పేస్తారు.

సరే, పనిచేస్తుందన్నారు. ఇప్పుడు మీ యూపీఐ యాప్‌లోంచే స్కాన్ చేయండి, ఫోన్ కెమెరాతో కాదు. స్కాన్ కాగానే షాపు పేరు, మొత్తం కొట్టే గడి వస్తాయి. ఇందాక చెబుతానన్న పొరపాటు సరిగ్గా ఈ గడి దగ్గరే జరుగుతుంది.

శ్రీలంక డబ్బు పేరు కూడా రూపాయే. బిల్లు మీద కూడా `Rs` అనే ఉంటుంది. సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో డాలరు, దిర్హమ్ అన్న మాట కనబడగానే మన మెదడు జాగ్రత్త పడుతుంది. ఇక్కడ ఆ హెచ్చరిక ఉండదు. పిన్ని వాళ్లు పేటాలో టీ ప్యాకెట్లు, రెండు లుంగీలు కొన్నారు. బిల్లు 4,200 శ్రీలంక రూపాయలు. చిన్నాన్న అప్పటికే మనసులో లెక్క వేసుకున్నారు: మన డబ్బులో సుమారు 1,243. పిన్ని ఫోన్ తీసుకుని ఆ గడిలో 1,243 కొట్టారు. పిన్ కూడా కొట్టేశారు. మన ఖాతాలోంచి పోయింది 368 రూపాయలు. షాపు కుర్రాడి ఫోన్ మోగింది, చూసి తల అడ్డంగా ఊపాడు. వాడికి వచ్చింది 1,243 శ్రీలంక రూపాయలే. మిగిలిన 2,957 మళ్లీ స్కాన్ చేసి కట్టాల్సి వచ్చింది, దానికి 875 రూపాయలు పోయాయి. రెండూ కలిపితే 1,243 సరిపోయింది, డబ్బు నష్టం లేదు. కానీ ఆ కుర్రాడు చూసుకోకుండా వదిలేసి ఉంటే అతని జీతంలోంచి పోయేది.

కాబట్టి నియమం ఒక్కటే: గడిలో కొట్టేది బిల్లు మీద ఉన్న అంకె. మారకం పని యాప్‌ది, మీది కాదు. గడి పక్కన `LKR` అని ఉందో లేదో చూడండి. ఆ మూడక్షరాలు లేకుండా ఉత్త రూపాయి గుర్తే ఉంటే ఆగిపోండి, ఎందుకో కింద చెబుతాను.

అంకె కొట్టాక యాప్ ఒక తెర చూపిస్తుంది: శ్రీలంక రూపాయల్లో ఎంత, మారకం రేటు ఎంత, రుసుము ఏదైనా ఉంటే ఎంత, చివరికి మీ ఖాతాలోంచి పోయేది ఎంత. చాలామంది ఈ తెర మీద అర సెకను కూడా ఆగరు. ఆగండి. రేటు మంచిదా కాదా అన్నది ఇక్కడే తేలుతుంది, పిన్ కొట్టాక దాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు.

లెక్క తేలికే. బిల్లు అంకెని మీ ఖాతాలోంచి పోయే అంకెతో భాగించండి. పిన్ని వాళ్ల లెక్కనే తీసుకుంటే 4,200ని 1,243తో భాగిస్తే 3.38 వస్తుంది. అంటే మన ఒక్క రూపాయికి 3.38 శ్రీలంక రూపాయలు పడ్డాయి. అన్ని రుసుములూ కలిసిన అసలు రేటు అదే. ఇప్పుడు ఆ రోజు ఇంటర్నెట్‌లో కనబడే మార్కెట్ రేటు 3.45 అనుకుందాం. ఆ రేటుకి బిల్లు 1,217 రూపాయలు అయ్యేది. తేడా 26 రూపాయలు, అంటే రెండు శాతం పైచిలుకు. ఈ రేట్లు లెక్క చూపించడానికి తీసుకున్నవి, మీరు వెళ్లే రోజు రేటు వేరుగా ఉంటుంది. లెక్క మాత్రం ఇదే.

రెండు శాతం ఎక్కువా తక్కువా అన్నది దేనితో పోలుస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మన మామూలు కార్డుల్లో చాలావాటికి విదేశీ వాడకం మీద 3.5 శాతం దాకా మార్కప్, దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. అదే బిల్లుకి కార్డుతో అయితే 50 రూపాయల దాకా అదనంగా పోతుంది. మార్కప్ లేని కార్డు మీ దగ్గర ఉంటే పెద్ద బిల్లులకి అదే వాడండి. నా మటుకు టీ కొట్టు, మందుల షాపు, చిన్న చిన్న కొనుగోళ్లకి యూపీఐ, హోటల్ గదికి కార్డు అంటాను. హోటల్ వాళ్లు వచ్చిన రోజు డిపాజిట్ అడుగుతారు. కార్డు అయితే ఆ మొత్తాన్ని పక్కన ఆపి ఉంచి, వెళ్లేటప్పుడు వదిలేస్తారు. క్యూఆర్‌తో అలా ఆపి ఉంచడం కుదరదు. నిజంగానే డబ్బు కట్ అవుతుంది, తరువాత రీఫండ్ కోసం ఎదురుచూడాలి, అది ఏ రేటుకి తిరిగొస్తుందో మీ చేతిలో ఉండదు.

ఇక పిన్ కొట్టండి. టిక్ మార్కు వచ్చాక స్క్రీన్‌షాట్ తీసుకోండి. అందులో 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు ఉండాలి. షాపువాడి ఫోన్‌కి సందేశం వచ్చిందో లేదో వాడి నోటితో విన్నాకే సంచీ తీసుకుని బయటికి రండి.

ఉత్త రూపాయి గుర్తు కనబడితే

టూరిస్టులు ఎక్కువగా తిరిగే చోట్ల కొంతమంది షాపువాళ్లు, డ్రైవర్లు ఇంకో దారి పట్టారు. చెన్నైలోనో ఇంకెక్కడో ఉన్న బంధువు యూపీఐ క్యూఆర్‌ని ఫోన్‌లో పెట్టుకుని, "దీనికి ఇండియన్ రూపాయల్లో కొట్టండి, రేటు నేను మంచిదిస్తాను" అంటారు. స్కాన్ అవుతుంది, డబ్బు పోతుంది, ఇంటర్నేషనల్ ఆన్ చేయకపోయినా పోతుంది. తేలిగ్గా ఉంది కదా అనిపిస్తుంది. కానీ అది ఈ కలయిక కాదు. మీరు ఇండియాలో ఉన్న ఒక మనిషికి డబ్బు పంపారంతే. అధికారం లేనివాళ్లతో విదేశీ మారకం వ్యవహారం నడిపినట్టు అవుతుంది, మన ఫెమా చట్టం దానికి ఒప్పుకోదు. సరుకు విషయంలో గొడవ వస్తే ఆ షాపులో కొన్నారనడానికి మీ దగ్గర రుజువూ ఉండదు.

తేడా పట్టడం కష్టం కాదు. నిజమైన చెల్లింపులో `LKR` ఉంటుంది, రేటు తెర ఉంటుంది, షాపు పేరు ఉంటుంది. దొంగదారిలో ఉత్త రూపాయి గుర్తు, ఎవరో మనిషి పేరు మాత్రమే ఉంటాయి. ఇంకా లోపలికి చూడాలనుకునేవాళ్లు మామూలు క్యూఆర్ రీడర్‌తో స్టిక్కర్‌ని స్కాన్ చేసి అక్షరాలు చదవచ్చు. మన వ్యక్తిగత క్యూఆర్ ఇలా మొదలవుతుంది:

```
upi://pay?pa=...
```

శ్రీలంక షాపుది అంకెలతో మొదలై, మధ్యలో ఇలాంటి ముక్కలు ఉంటాయి:

```
000201 ... 5303144 5802LK ... 6007COLOMBO
```

అసలు స్టిక్కర్‌లో మధ్యలో ఖాళీలు ఉండవు, చదవడానికి వీలుగా విడదీశాను. ప్రతి ముక్కలో మొదటి రెండంకెలు అది దేని గురించో చెబుతాయి, తరువాతి రెండంకెలు ఎన్ని అక్షరాలో చెబుతాయి. 53 అంటే కరెన్సీ, మూడంకెలు, 144 అంటే శ్రీలంక రూపాయి. మన రూపాయి అయితే 356 ఉండేది. 58 అంటే దేశం, రెండక్షరాలు, `LK`. 60 అంటే ఊరు, ఏడక్షరాలు. ఈ పద్ధతి ప్రపంచంలో చాలా దేశాల క్యూఆర్‌లకి ఒకటే. అందుకే మన యాప్ వాళ్ల స్టిక్కర్‌ని చదవగలుగుతోంది. చదవడం వేరు, కట్టగలగడం వేరు. అక్షరాలు అర్థమైనా, ఆ షాపు బ్యాంకు ఈ దారిలో లేకపోతే యాప్ వెనక్కి తిప్పుతుంది. అప్పుడు పదిసార్లు స్కాన్ చేసి లాభం లేదు, నోట్లు తీయడమే.

డబ్బు కట్ అయింది, షాపువాడికి రాలేదు

దీని గురించి కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే ఇక్కడి నియమం ఇండియాలో మనకు అలవాటైనట్టు ఉండదు.

రెండు దేశాల నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి జవాబు చెప్పుకోవాలి కాబట్టి, మధ్యలో ఎక్కడైనా ఆలస్యమైతే యాప్‌లో పెండింగ్ అని కనిపిస్తుంది. పెండింగ్ అంటే ఫెయిల్ కాదు. వెంటనే రెండోసారి స్కాన్ చేస్తే రెండుసార్లూ పోవచ్చు. కొన్ని నిమిషాలు ఆగి యాప్ హిస్టరీ తెరిచి చూడండి, షాపువాడిని కూడా తన ఫోన్ చూసుకోమనండి. అప్పటికీ తేలకపోతే నోట్లు ఇచ్చేసి, మీ పెండింగ్ తెర ఫొటో వాడికి చూపించి, బిల్లు మీద నగదు ఇచ్చినట్టు రాయించుకోండి. ఆ కాగితం ఉంటే తరువాత మీ వాదన నిలబడుతుంది.

ఇండియా లోపల అయితే డబ్బు పోయి షాపుకి చేరకపోతే, రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన నియమం ప్రకారం లావాదేవీ తేదీ తరువాత ఐదు రోజుల్లో తిరిగి పడాలి, దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం. ఆ నియమం ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు ఇద్దరూ ఇండియాలోనే ఉన్న లావాదేవీలకి. కొలంబో షాపు దానికిందకి రాదు. ఈ సంగతి తెలియక "ఐదు రోజులైంది, పరిహారం ఏది" అని కస్టమర్ కేర్ మీద మండిపడితే మీ ఆయాసమే మిగులుతుంది. డబ్బు తిరిగి అడిగే హక్కు మాత్రం ఎక్కడికీ పోలేదు.

అడిగే వరుస ఇది. ముందు యాప్ హిస్టరీలో ఆ చెల్లింపు మీదే నొక్కి ఫిర్యాదు పెట్టండి, ఫోన్ చేసి కాదు. అలా పెడితే 12 అంకెల రిఫరెన్స్ దానంతటదే అతుక్కుంటుంది. తేలకపోతే అదే నంబరుతో మీ బ్యాంకుకి రాతపూర్వకంగా ఇవ్వండి. డబ్బు తీసింది బ్యాంకు, జవాబుదారీ దానిదే. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చింది మీకు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి `cms.rbi.org.in` లో ఉచితంగా ఫిర్యాదు పెట్టుకోవచ్చు. యాప్‌లో ఫిర్యాదు పెట్టిన రోజు, బ్యాంకుకి రాసిన రోజు ఒక కాగితం మీద రాసి ఉంచండి, ఆ తేదీలు అక్కడ అడుగుతారు.

గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేయకండి. పరాయి ఊళ్లో కంగారుగా ఉన్నవాళ్లే దొంగ నంబర్లకి దొరుకుతారు. డబ్బు తిరిగి రావడానికి పిన్ కొట్టమని ఎవరన్నా అడిగితే ఫోన్ పెట్టేయండి. పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి పిన్‌తో పనే లేదు.

జేబులో నోట్లు

ఆటోలకి, గుడి దగ్గర పూలకి, కొబ్బరి బొండాలకి, టిప్పులకి శ్రీలంక నోట్లు కావాల్సిందే. పిన్ని వాళ్లు రోజుకి మనిషికి మూడు వేల శ్రీలంక రూపాయల చొప్పున నోట్లు ఉంచుకున్నారు, ఎక్కడా ఇబ్బంది పడలేదు. సిగ్నల్ లేని చోట, ఫోన్ చార్జింగ్ అయిపోయిన చోట ఆదుకునేది ఆ నోట్లే.

తిరిగి చెన్నై వచ్చిన రాత్రి పిన్ని యాప్ తెరిచి ఇంటర్నేషనల్ ఆపేసింది. మీరూ ఆపేయండి, చివరి తేదీ దాకా ఊరికే తెరిచి ఉంచడం దేనికి. వారం తరువాత ఒకసారి ఖాతా స్టేట్‌మెంట్ తెరిచి, అక్కడ తీసిన స్క్రీన్‌షాట్‌లతో ఒక్కో వరుసా సరిచూడండి. పిన్ని వాళ్ల స్టేట్‌మెంట్‌లో 368, 875 రెండూ అలాగే ఉన్నాయి.